పాచిక ఎక్కడ ఆపాలి?

కోకాపేటలో ఏ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో శనివారం రాత్రి రిస్క్ బోర్డు పరిచారనుకోండి. చేతిలో సైన్యం కరిగిపోతున్నవాడి నోట వచ్చే మాట ఒకటే: “ఇంకొక్కసారి వేస్తాన్రా!” ఆ ఒక్కసారి వెయ్యాలా వద్దా అన్నదానికి లెక్క ఉంది.

ఫ్రెంచ్ సినిమా దర్శకుడు ఆల్బర్ట్ లామొరిస్ రూపొందించిన ఈ ఆట 1957లో వచ్చింది. దాడి చేసేవాడు మూడు పాచికల దాకా వెయ్యొచ్చు, కాచుకునేవాడు రెండే. పెద్ద అంకెను పెద్దదానితో, రెండోదాన్ని రెండోదానితో పోలుస్తారు. సమానమైతే గెలుపు కాచుకునేవాడిదే. అందుకే ఒకటికి ఒకటి వేస్తే దాడి చేసేవాడు గెలిచేది 36లో 15 సార్లే.

ఈ లోటును పూడ్చేది మూడో పాచిక. మూడుకు రెండు వేసినప్పుడు నూటికి సుమారు 37 సార్లు ఎదుటివాడివి రెండూ పోతాయి, 29 సార్లు మనవి రెండూ పోతాయి, మిగతా 34 సార్లు చెరొకటి. అదే రెండుకు రెండైతే తలకిందులు: మనం రెండూ గెలిచేది 23 సార్లు, రెండూ పోగొట్టుకునేది 45 సార్లు. ఒక సైన్యం దేశంలోనే ఉండిపోవాలి కాబట్టి, మూడు పాచికలకు నాలుగు సైన్యాలు కావాలి. హద్దు అక్కడే ఉంది.

ఉదాహరణకు బోర్డు మీద ఇండియాలో మనవి ఏడు సైన్యాలు, పక్కనున్న సయాంలో ఎదుటివాడివి నాలుగు. ఆస్ట్రేలియాకు దారి సయామే కాబట్టి దాడి మొదలైంది. చివరిదాకా పోరాడితే గెలిచే అవకాశం 74 శాతం. మొదటి విసురుకు చెరొకటి పోయాయి: ఆరుకు మూడు, అవకాశం 77. రెండో విసురుకు మనవి రెండు పోయాయి: నాలుగుకు మూడు, 47. మూడోసారి మళ్లీ చెరొకటి: మూడుకు రెండు. అవకాశం 36కి పడింది.

“నాలుగు పోయాయి, ఇప్పుడు ఆపితే అవన్నీ దండగేగా?” అనిపించేది ఇక్కడే. పోయినవి పాచికకు తెలియవు. ఇప్పుడు ఆగితే ఇండియాలో మూడు మిగులుతాయి. వేస్తే నూటికి 45 సార్లు ఒక్క విసురుతోనే ఒకటికి దిగుతాం. గెలిచినా సయాంలోకి వెళ్లేది మహా అయితే రెండు, వెనక ఇండియాలో ఒక్కటి. పక్కవాడి వంతు రాగానే రెండు దేశాలూ పోవచ్చు.

అయినా వెయ్యదగ్గ సందర్భాలున్నాయి. ఎదుటివాడికి సయాం తప్ప మరేదీ లేకపోతే, అతన్ని ఆటలోంచి తప్పించినవాడికి అతని కార్డులన్నీ వస్తాయి. ఆ వంతులో ఇంకా ఏ దేశాన్నీ గెలవకపోతే, ఈ గెలుపుతో ఒక కార్డు దక్కుతుంది. అప్పటికే ఒక దేశం గెలిచి ఉంటే మాత్రం రెండో కార్డు రాదు. ఈ లాభాలేవీ లేనప్పుడు, ఎదుట రెండు సైన్యాలో అంతకన్నా ఎక్కువో ఉండగా మూడో పాచిక చేజారితే, దాడి ఆపి వంతు ముగించడమే మంచిది.