లోడు వేయకుండానే మోటారు గుట్టు

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లో డీసీ మోటారును చూడగానే చదవగల రివైండింగ్ మేస్త్రీలు ఇంకా ఉన్నారు. కమ్యుటేటర్ మీద ఏ పట్టీ మాడిందో చూసి ఏ కాయిల్ దెబ్బతిందో చెప్పేస్తారు. వాళ్ల చేతి పనికి దండం పెట్టేవాణ్ణి నేను. అయితే చేతికి కూడా సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం స్విన్‌బర్న్ పరీక్ష. నూరేళ్లు బతికిన స్కాట్లాండ్ ఇంజనీరు జేమ్స్ స్విన్‌బర్న్ (1858–1958) పేరే దానికి పెట్టారు.

సుమారు 10 హెచ్‌పీ షంట్ మోటారు తీసుకోండి. 220 వోల్టులు, పూర్తి లోడులో 40 ఆంపియర్లు. బెల్టు బిగించి బ్రేకు పరీక్ష చేస్తే 8,800 వాట్లు లాగుతుంది, డ్రమ్ము కాలిపోతుంది. స్విన్‌బర్న్ పద్ధతిలో అసలు వోల్టేజీ ఇచ్చి, ఫీల్డ్ రెగ్యులేటర్‌తో అసలు స్పీడుకు తెచ్చి, లోడు లేకుండా తిప్పుతారు. 4 ఆంపియర్లే తీసుకుంది, అంటే 880 వాట్లు. అందులో 1 ఆంపియరు ఫీల్డుది. మిగిలిన 3 ఆంపియర్లు ఆర్మేచర్‌లో పోగొట్టేది 4 వాట్లలోపే, ఎందుకంటే దాని నిరోధం 0.4 ఓమ్. కాబట్టి దాదాపు 876 వాట్లు స్థిర నష్టం: ఇనుము, రాపిడి, గాలి, ఫీల్డు.

పూర్తి లోడులో ఆర్మేచర్ కరెంటు 39. దాని వర్గాన్ని 0.4తో గుణిస్తే 608 వాట్లు. మొత్తం నష్టం 1,484, సామర్థ్యం దాదాపు 83 శాతం. ఎంత ముచ్చటైన లెక్క! ఆ నిరోధాన్ని మాత్రం వేడి మోటారు స్థాయికి సవరించాలి. 30 డిగ్రీల రాగి 75కి చేరేసరికి 17 శాతం పెరుగుతుంది. లోడులో ఫీల్డు వంకరపోయి పెరిగే ఇనుము నష్టాన్ని, కమ్యుటేటర్ మీద నిప్పులను, అసలు వేడెక్కడాన్ని ఈ పరీక్ష చూపదు. సిరీస్ మోటారుకైతే అసలు పనికిరాదు. లోడు లేకపోతే అది పిచ్చి స్పీడుకు పోయి తనను తానే చీల్చుకుంటుంది.

నా కోపమంతా చవక రివైండింగ్ మీద. పాత వైండింగును గ్యాస్ మంటతో కాల్చి ఊడబీకుతారు. ఆర్మేచర్ రేకుల మధ్య పూత మాడి, రేకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, సుడి కరెంట్లు పెరుగుతాయి. మోటారు తిరుగుతుంది, కస్టమర్ సంతోషంగా వెళ్తాడు. కానీ నో-లోడ్ కరెంటు 4 నుంచి 5.2కి ఎక్కితే, 264 వాట్లు అదనంగా వేడిలో కలుస్తున్నాయి, సామర్థ్యం 80కి పడింది. రోజుకు 10 గంటలు నడిస్తే 2.6 యూనిట్లు. బిగుసుకున్న బేరింగ్ కూడా ఇంతే చేయగలదు కదా అంటారా? ఆర్మేచర్‌కు సరఫరా ఆపి, ఫీల్డు తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి ఆగే సమయం చూడండి. రెండు సార్లూ మునుపటికంటే త్వరగా ఆగితే రాపిడి. ఫీల్డు ఉన్నప్పుడే మరీ త్వరగా ఆగితే తప్పు ఇనుముది.

డీసీ మోటార్ల స్థానంలో డ్రైవులతో నడిచే ఏసీ మోటార్లు వస్తున్నాయి, నిజమే. ఉన్నవాటినైనా ఇలా తగలెయ్యకండి. రివైండింగ్‌కు ఇచ్చేటప్పుడు, తిరిగి తెచ్చుకునేటప్పుడు, అదే వోల్టేజీలో, అదే స్పీడులో నో-లోడ్ కరెంటును బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న షాపుకు మోటారు ఇవ్వకండి.