పాలు విరిగిన వేళ

ఒక్క మాటతో ఇంటిల్లిపాదినీ నవ్వించడం చేయి తిరిగిన రచయితలకే కష్టం. మా తమ్ముడు ఆ పని చేశాడు. పాపం, చేసినట్టు వాడికే పావుగంట దాకా తెలీదు.

మాది ఆలేరు. బంధువులందరం కలిసిన వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మొన్న సాయంత్రం 7:12కి మా అమ్మ అందులో ఇలా రాసింది: "పొద్దుగాల తెచ్చిన పాలు విరిగినయిరా. ఏం జెయ్యాలె?" 7:13కి మా మేనల్లుడు జనగామలోని పెదనాన్నను గ్రూపులో చేర్చాడు. ఆయన కొత్త ఫోను కొని రెండు రోజులే అయింది. 7:14కి ఆయన తొలి పలుకు: "రేపు వస్తున్న. నాలుగు రోజులుంట." 7:16కి తమ్ముడి జవాబు: "పారబొయ్యి."

మేనల్లుడు వెంటనే దానికి స్క్రీన్‌షాట్ తీసి, నవ్వే బొమ్మలు తగిలించి గ్రూపులోనే పెట్టాడు. అందరూ నవ్వారు. పెదనాన్న నాకు ఫోను చేశారు.

"ఏమిరా, నేను రావుడు అంత బరువయిందా మీకు?"

హాస్యాన్ని విప్పి చెబితే చచ్చిపోతుందంటారు. నిజమే కావచ్చు. కాని చెప్పకపోతే పెదనాన్న రాకపోకలే చచ్చేట్టున్నాయి. కనుక విమర్శకుడి అవతారం ఎత్తక తప్పలేదు.

మొదటి సంగతి. గ్రూపులో కొత్తగా చేరినవారికి అంతకుముందటి మాటలు మామూలుగా కనపడవు. పాల ముచ్చట ఆయన ఫోనులో లేనే లేదు. మేం మూడు వాక్యాలు చూసి నవ్వాం. ఆయన రెండే చూసి నొచ్చుకున్నారు. నవ్వంతా ఆ మొదటి వాక్యంలో ఉంది. స్క్రీన్‌షాట్‌లో అది పైన ఉందిగాని, తన పేరు కిందే ఆ మాట చూశాక ఆయన కళ్ళు పైకి పోలేదు.

రెండో సంగతి. తమ్ముడు అప్పుడు సికింద్రాబాదు నుంచి రైల్లో వస్తున్నాడు. అమ్మ ప్రశ్న చూశాడు. ఇంతలో సిగ్నలు పోయింది. జవాబు కొట్టి, ఫోను జేబులో వేసుకున్నాడు. సిగ్నలు లేనప్పుడు పంపిన మాట పక్కన చిన్న గడియారం బొమ్మ పడుతుంది. మాట ఫోనులోనే కూర్చుంటుంది. సిగ్నలు రాగానే తనంతట తానే బయల్దేరుతుంది. అది వంగపల్లి దగ్గర బయల్దేరేసరికి, నడుమ పెదనాన్న వచ్చి కూర్చున్నారు. ఏ మాట ఎవరికోసం పుట్టిందో గ్రూపుకు తెలీదు. చేరిన వరుసలో పేర్చడమే దాని పని. పై వాక్యానికి కింది వాక్యాన్ని ముడిపెట్టేది మన కన్ను.

"నువ్వు వాణ్ణి ఎనకేసుకొస్తున్నవ్" అన్నారు పెదనాన్న.

సాక్ష్యం ఆయన చేతిలోనే ఉంది. "మీరు రాసిన మాట మీద వేలు అదిమి పట్టండి. పైనున్న మూడు చుక్కలు తాకి 'ఇన్ఫో' చూడండి. ఎవరు ఎప్పుడు చదివారో పేరుపేరునా ఉంటుంది" అన్నాను. చూశారు. తమ్ముడి పేరు పక్కన 7:31 ఉంది, వాడు ఆలేరు స్టేషన్లో దిగి ఫోను తీసిన వేళ. జవాబు 7:16ది. చదవని మాటకు జవాబెలా ఇస్తాడు? అయితే ఈ ఉపాయం మనం రాసిన మాటలకే పనికొస్తుంది; ఇతరులు రాసినవాటికి చూడలేం.

మూడోది మన తెలుగు చేసిన చిలిపి. తమ్ముడు "ఆ పాలు పారబొయ్యి" అని ఉంటే ఈ గొడవే లేదు. మన భాషలో కర్మను మింగేసి, ఒక్క క్రియతో వాక్యం నడిపించవచ్చు. ఎదుట మనిషి ఉన్నప్పుడు అది సుఖం. గ్రూపులో మాత్రం ఆ ఖాళీలోకి ఎవరు ముందు దొరికితే వారు జారిపడతారు. అయినా చూడండి, పారబోసేది నీళ్ళనో పాలనో. మనిషిని ఎవరైనా పారబోస్తారా? ఆ పొసగనితనమే నవ్వు. వాడు "వద్దు" అని ఉంటే సరిగ్గా అతికేది, నవ్వు పుట్టేది కాదు, చుట్టరికం తెగేది.

పెదనాన్న ఇంకా మెత్తబడలేదు. చివరికి అన్నాను: "ప్రయాణమై గడప దాటుతుంటే పసిపిల్లవాడు తుమ్మాడనుకోండి. వాడు మిమ్మల్ని ఆపాలని తుమ్మాడా?"

కాసేపు అవతల మాట లేదు. తరవాత, "తుమ్మితే కొంచెం కూసొని, మంచినీళ్ళు తాగి పోతం గదరా" అన్నారు.

అన్నట్టే ఒక పూట ఆగి వచ్చారు. తమ్ముడు స్టేషనుకు ఎదురెళ్ళి సంచీ అందుకున్నాడు. అమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తమ్ముడి వంక చూసి, "ఇవి ఏనాటి పాలురా?" అన్నారు.

ఈసారి నవ్వు విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది.