లేఖరి గీసే అడ్డగీత

తిరుపతిలోనో చిత్తూరులోనో ప్రోనోటు రాసే దస్తావేజు లేఖరిని గమనించండి. ‘రూ.’ పక్కన చోటు వదలకుండా 3,50,000 వేస్తాడు, వెంటనే ‘/-’ గీస్తాడు. ముందు ఒక అంకె, వెనక ఒక సున్నా దూరడానికి సందు ఉండదు. తర్వాత ‘అక్షరాలా మూడు లక్షల యాభై వేల రూపాయలు మాత్రమే’. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకె, అక్షరం తేడాపడితే చెల్లేది అక్షరమే.

₹ గుర్తు 2010లో వచ్చింది. పాత ఫాంట్లలో అది ఖాళీ డబ్బాగా పడొచ్చు, అందుకే ‘రూ.’ మేలు. ఏది వాడినా చివరిదాకా అదే ఉండాలి.

అసలు పనితనం వడ్డీ దగ్గర తెలుస్తుంది. మన నోట ‘రూపాయిన్నర వడ్డీ’ అంటే నెలకు నూటికి రూ.1.50. దాన్ని ఉత్త ‘1.5%’ అని రాస్తే? నెలకు రావలసిన రూ.5,250 ఏడాది మొత్తానికి అని ఎదుటి వకీలు వాదించవచ్చు. మంచి లేఖరి ‘నెలకు నూటికి రూ.1.50 చొప్పున, అనగా సంవత్సరానికి 18 శాతం’ అని రెండూ రాస్తాడు. ఆ ‘అనగా’కు వేరే ఫీజు అడగడు.