బొమ్మ మారదు, మాటే మారాలి

పిల్లల బొమ్మల పుస్తకంలో ఒక పేజీని ఫోనుతో ఫొటో తీసి తెలుగు చేయడం ఇప్పుడు చాలా ఇళ్లలో, బళ్లలో జరిగే పనే. పేజీకి నాలుగు లైన్లు, పాతిక మాటలు. అర్థం తెలుగులోకి తేవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ పాతిక మాటల్లో ఉన్న పాటను తేవడానికి మాత్రం ఒక సాయంత్రం పట్టవచ్చు.

ముందు ఫొటో సంగతి. అక్షరాల వరకే కత్తిరించి తీస్తే సగం పేజీ పోయినట్టే. బొమ్మల పుస్తకంలో బొమ్మ కూడా కథ చెబుతుంది, కాబట్టి నాలుగు మూలలూ కనబడాలి. ఫ్లాష్ వేస్తే నున్నని కాగితం మీద తెల్లటి మరక పడి కింద అక్షరాలు మాయమవుతాయి. కిటికీ పక్కన, పగటి వెలుతురులో తీయడం మేలు. పుస్తకం నడుమ మడతలోకి జారిపోయేవి ఎక్కువగా ఎడమ పేజీ లైన్ల చివరి మాటలు. ఇంగ్లీషు పుస్తకంలో ప్రాస ఉండేది సరిగ్గా అక్కడే. ఆ పేజీ ఒక్కటే తీసి ఊరుకోకూడదు. పుస్తకమంతా, కనీసం తర్వాతి పేజీ, ఆఖరి పేజీ కూడా తీసుకోవాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మచ్చుకు ఒక పేజీని మనమే ఊహించుకుందాం. నీలం పడవ, దానిలోకి దూకుతున్న మేక. మేకకు ఎర్ర కోటు, నోరు బాగా తెరిచి ఉంది. ఇంగ్లీషు లైన్లలో గోట్, కోట్, బోట్ ప్రాస కలిశాయి. మేక దూకింది, పడవ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, బోల్తా మాత్రం పడలేదు. తర్వాతి పేజీలో టోపీ పెట్టుకున్న పిల్లి వస్తుంది, అక్కడ క్యాట్, హ్యాట్ కలుస్తాయి. ఇలా ఒక్కొక్క జంతువూ ఎక్కుతుంటే పడవ ఊగే లైన్లు ప్రతి పేజీలోనూ తిరిగి వస్తాయి. ఆఖరి పేజీలో చీమ ఎక్కగానే పడవ తిరగబడుతుంది.

ఉన్నదున్నట్టు చెబితే ‘కోటు వేసుకున్న మేక పడవలోకి దూకింది’ అవుతుంది. తప్పేమీ లేదు, కానీ ఇది వార్త. చాలామంది దీన్ని పాట చేయబోయి ‘మేక వచ్చింది, పడవ ఎక్కింది, పడవ ఊగింది’ అని రాస్తారు. అన్నీ ‘ఇంది’తో ముగిశాయి కాబట్టి ప్రాస కుదిరిందనుకుంటారు. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. మేక, పిల్లి, పడవ ఏది ఏం చేసినా ‘ఇంది’ అనే వస్తుంది. ఊరికే దొరికిన ప్రాస చెవికి ఆనదు. తర్వాత ఏ మాట వస్తుందో పిల్లలు ఊహించి, నోటితో అందుకున్నప్పుడే ప్రాస పని చేసినట్టు. ‘ఇంది’ని ఎవరూ ఊహించనక్కర్లేదు.

అందుకే ప్రాసను క్రియ మీద నుంచి తీసి పేరు మీద పెట్టాలి. క్రియను ముందుకు జరిపి పేరుతో వాక్యం ముగించడం మన పాటలకు కొత్త కాదు. ఇప్పుడు మేకకు ప్రాస వెతకాలి. కోక ఉంది, కానీ బొమ్మలో ఉన్నది కోటు. తోక ఉంది, కానీ కథలో తోకకు పని లేదు. కేక ఉంది. మూలంలో మేక అరిచినట్టు రాయలేదు, కానీ బొమ్మలో నోరు తెరిచి ఉంది. బొమ్మ ఒప్పుకున్నది రాయవచ్చు, బొమ్మ కాదన్నది రాయకూడదు. ఈ పనిలో నేను గట్టిగా పట్టుకునే నియమం ఇదే. జూలియా డొనాల్డ్‌సన్ 1999లో అచ్చయిన ‘గ్రఫలో’ రాసేటప్పుడు మొదట పులి కథే అనుకున్నారు. పులి పద్యంలో ఒదగక కొత్త జంతువునే పుట్టించారు. మూల రచయితకు ఆ వీలుంది. అనువాదకుడి చేతికి పుస్తకం వచ్చేసరికి బొమ్మలు గీసేసి ఉంటాయి.

కోటు వేసిన మేక,
వేసింది ఒక కేక.
పడవలోకి దూకింది.
పడవ ఇటు ఊగింది.
పడవ అటు ఊగింది.
పడవ పడలేదు!

మొదటి రెండు లైన్లలో పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ సున్నా ఉన్నదానికీ రెండు చొప్పున లెక్కేస్తే రెండూ పదేసి మాత్రలు. చప్పట్లు కొడుతూ చదివితే దెబ్బ తప్పదు. దీనికి కొంత మూల్యం చెల్లించాం. మాటల్లో మనం ‘వేసుకున్న’ అంటాం, ‘వేసిన’ అనం. ‘వేసుకున్న’ పెడితే లైను కుంటుతుంది. పాటలో ఆ మాత్రం కుదింపు చెల్లుతుందని నా అభిప్రాయం. ‘మేక దూకెను’ లాంటిది మాత్రం చెల్లదు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, పిల్లలు దాన్ని బడి మాటగా పట్టేస్తారు.

ఒక పేజీ కుదరగానే సంబరపడకూడదు. ‘వేసిన’, ‘వేసింది’ అని ఒకే క్రియను రెండుసార్లు తిప్పాం. ఇది మూలంలో లేని అల్లిక. అల్లిన తర్వాత ప్రతి పేజీలోనూ అది నిలబడాలి, లేకపోతే మొదటి పేజీలోనూ తీసేయాలి. పిల్లి పేజీలో నిలబడింది.

టోపి పెట్టిన పిల్లి,
పెట్టింది ఒక లొల్లి.

ఒత్తుకు ముందున్న అక్షరానికి కూడా రెండు లెక్కేస్తే ఇవీ పదేసి మాత్రలే. లొల్లి తెలంగాణ ఇళ్లలో పుట్టి పెరిగిన మాట, ఆంధ్రలో పిల్లలకు కూడా సినిమాల పుణ్యమా అని తెలుసు. ‘గొడవ’ అని మార్చమనేవాళ్లు ఉంటారు. పిల్లి పక్కన లొల్లి ఉంటే వచ్చే నవ్వు గొడవతో రాదు.

ఇక తిరిగి వచ్చే లైను. మూలంలో ఉన్నది ‘బోల్తా మాత్రం పడలేదు’ అనే అర్థం. ‘పడవ మాత్రం పడలేదు’ అనవచ్చు, ఊపు కూడా ఉంది. కానీ ‘మాత్రం’లో తకారం కింద వేరే అక్షరం ఒత్తు ఉంది. కొత్తగా చదవడం నేర్చుకునే పిల్లలకు మేక, కోటు, పడవ ముందు వస్తాయి. పిల్లి, లొల్లి లాంటి ద్విత్వాలు తర్వాత పట్టుబడతాయి. ‘త్ర’ లాంటి సంయుక్తాలు ఇంకా తర్వాత. తిరిగి వచ్చే లైనే చదవడం రాని పిల్లలకు ఆసరా. నాలుగో పేజీకి వచ్చేసరికి అక్షరాలు కూడబలుక్కోకుండా దాన్ని చూసి చెప్పేస్తారు. ఆ లైనులోనే రాయి పెట్టకూడదు. ‘మాత్రం’ తీసేస్తే మిగిలింది ‘పడవ పడలేదు’. రెండు మాటలూ ‘పడ’తోనే మొదలయ్యాయి. ఇంగ్లీషులో లైను చివర ఉన్న ప్రాస, ఇక్కడ మాటల మొదట్లో దొరికింది.

ఆఖరి పేజీ ముందే చూడాలన్నది ఇందుకే. అక్కడ పడవ తిరగబడుతుంది. తిరిగి వచ్చే లైను అక్కడ ఒక్కచోటే, ఒక్క మాటలో తలకిందులు కావాలి. మొదట ‘పడవ మునగలేదు’ అని పెట్టుకుని ఉంటే, చివర ‘పడవ మునిగింది’ అనాలి. కానీ బొమ్మలో పడవ బోర్లా పడి నీటి మీద తేలుతోంది, దాని మీద చీమ కూర్చుని ఉంది. ‘పడలేదు’ అని ఉంటే ‘పడవ... పడింది!’ అని హాయిగా ముగుస్తుంది.

అచ్చులోనో ఇంటర్నెట్‌లోనో పెట్టాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. ఆ చిక్కు లేకుండా ఈ పని సాధన చేయాలనుకుంటే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఉంది. అందులోని కథలను రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి ఎవరైనా అనువదించవచ్చు.

ఇంట్లో చదువుకోవడానికైతే తెలుగు లైన్లను కాగితం ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంగ్లీషు లైన్ల పక్కన అంటించుకోవచ్చు. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఎక్కువ చోటు వదలాలి. చోటు చాలకపోతే అక్షరం చిన్నది చేయకండి, ఒక లైను తగ్గించండి. మొదట తగ్గించాల్సింది ‘పడవలోకి దూకింది’. అది బొమ్మలోనే ఉంది. అంటించే ముందు ఆ కాగితాన్ని, రాసేటప్పుడు పక్కన లేని మనిషికి ఇచ్చి పైకి చదవమనండి. వాళ్లు ఎక్కడ ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివితే ఆ లైను ఇంకా కుదరలేదు.