పని ప్రణాళికకు ఒకే గొంతు

సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ గ్రామాల్లో జీడితోటల కోసం స్వచ్ఛంద సంస్థలు రాసే ప్రతిపాదనల్లో అన్నిటికంటే లావుగా ఉండేది పని ప్రణాళిక. నేల, మొక్కల సంగతి వ్యవసాయం తెలిసినవారు రాస్తారు, సంఘాల భాగం క్షేత్ర సమన్వయకర్త రాస్తారు, పట్టికలు లెక్కలు చూసేవారు వేస్తారు. అన్నీ కలిపి కుట్టాక ఒక పేజీలో ‘రైతు’, మరో పేజీలో ‘లబ్ధిదారు’, ఇంకోచోట ‘గిరిజన కుటుంబం’. ఒకచోట ‘నాటుతాం’, ఒకచోట ‘నాటబడతాయి’, ఇంకోచోట ఏకంగా ‘నాటాము’. ఈ గొంతులన్నిటినీ ఒక్కటి చేసి, అర్థం మాత్రం చెక్కుచెదరకుండా చూసేవాళ్లు మన జిల్లాల్లో కొద్దిమందే ఉన్నారు. వాళ్ల పనితనం చూస్తే నాకు ఎంత పొగిడినా తనివి తీరదు.

పార్వతీపురం వైపు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆయన పని ప్రణాళికను మూడుసార్లు చదువుతారు. మొదటిసారి పేర్లు మాత్రమే, రెండోసారి క్రియల చివర్లు మాత్రమే, మూడోసారి ఏ పని ఎవరు చేస్తున్నారన్నది మాత్రమే. మూడూ ఒకేసారి చూడబోతే కన్ను కథలో పడి జారిపోతుందంటారు. ఒకసారి ఏవో రెండు పేజీలు ఎక్కడో పాత నివేదికలోంచి ఎత్తి తెచ్చినవని క్రియలు చూసే చెప్పేశారు. ఇంకా మొదలే కాని పనికి ‘మొక్కలు నాటాము, బతికినవాటిని లెక్కించాము’ అని ఉంటే మరేమనుకోవాలి?

పేర్ల దగ్గరే అసలు నేర్పు. నమూనాకు ఒక లెక్క చూద్దాం. భూమి ఉన్న 200 కుటుంబాలకు తలా ఎకరం జీడితోట. భూమి లేని 40 కుటుంబాలకు మేకలు, కోళ్లు, చిన్న వ్యాపారం. మొత్తం 240. మొక్కకూ మొక్కకూ ఎనిమిది మీటర్ల ఎడం పెడితే ఎకరాకు 63 గుంతలు పడతాయి. అంటే 200 ఎకరాలకు 12,600. ‘రైతు’, ‘లబ్ధిదారు’ రెండూ ఒకటేననుకుని తొందరపడి అన్నిచోట్లా ‘లబ్ధిదారు’ అని మార్చేస్తే, పట్టిక వేసేవారు 240తో గుణిస్తారు. గుంతలు 15,120 అవుతాయి. లేని నేలలో 2,520 గుంతలు! కాబట్టి నిపుణులు మాట మార్చే ముందు, ఇవి ఒకే వస్తువుకు రెండు పేర్లా, రెండు వేర్వేరు వస్తువులా అని అడుగుతారు. ఇక్కడ ‘తోట కుటుంబం’ అంటే 200, ‘భూమిలేని కుటుంబం’ అంటే 40, ‘ప్రాజెక్టు కుటుంబం’ అంటే 240 అని ఒక కాగితం మీద రాసుకుని చివరిదాకా అవే వాడతారు. ‘గుంత’ కూడా అంతే. మొక్క గుంత, ఇంకుడు గుంత, నీటి గుంత మూడూ ఉన్న ప్రణాళికలో వట్టి ‘గుంత’ అని ఎక్కడా వదలరు.

ఒక మాట తీసి మరో మాట పెట్టే పనిని కంప్యూటరుకు ఒక్క నొక్కుతో అప్పగించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ‘కుటుంబం’ అని వెతికితే ‘కుటుంబానికి’, ‘కుటుంబాలు’ దొరకవు. ‘కుటుంబ’ అని వెతకాలి. ‘గొయ్యి’ అయితే ‘గోతి’, ‘గోతు’ అని కూడా విడివిడిగా వెతకాలి. దొరికిన ప్రతిచోటా ఆగి, విభక్తి సరిచూసి మార్చాలి. ‘రైతు’ తీసి ‘సభ్యుడు’ పెడితే ‘రైతుకు’ ఉన్నచోట ‘సభ్యుడుకు’ మిగులుతుంది. అది చూసిన మరుక్షణం ఆ పని ఎలా జరిగిందో తెలిసిపోతుంది. పైగా ఒక భాగం అను ఫాంటులో, మరో భాగం యూనికోడ్‌లో ఉంటే వెతుకులాట సగంలోనే ఆగిపోతుంది. అందుకే ముందు అంతా యూనికోడ్‌లోకి తెచ్చి, అక్షరాలు సరిచూసి, తర్వాతే దిద్దుబాటు మొదలుపెట్టాలి.

కాలం సంగతికి వస్తే, తెలుగు క్రియలో ఒక చిక్కు ఉంది. ‘మహిళా సంఘాలు నెలకోసారి సమావేశమవుతాయి’ అంటే ఇప్పటికే అవుతున్నాయా, ఇకమీదట అవుతాయా? రెండూ కుదురుతాయి. ఇప్పటి సంగతైతే ‘సమావేశమవుతున్నాయి’ అనాలి. రాబోయేదైతే ‘మొదటి ఏడాది జూన్ నుంచి సమావేశమవుతాయి’ అని నెల చెప్పాలి. అయిపోయినదాన్ని మాత్రం భవిష్యత్తులోకి లాగకూడదు. గ్రామసభ తీర్మానం చేసి ఉంటే ‘చేసింది’ అనే ఉండాలి. ఒకే కాలం అంటే అన్ని వాక్యాలకూ ఒకే తోక తగిలించడం కాదు. జరిగిపోయింది, జరుగుతోంది, జరగబోయేది అన్న మూడింటికీ మూడు రూపాలు ఎంచుకుని, వాటిని తప్పకపోవడం.

ఎవరి నోట చెబుతున్నామన్నది మూడో చదువులో తేలుతుంది. ‘మేము’ అని వెతికితే చాలదు, ఎందుకంటే తెలుగులో కర్త క్రియలోనే దాక్కుంటుంది. ‘తాం’, ‘తాము’ అని కూడా వెతకాలి. ‘మనం’ కనిపిస్తే మరీ జాగ్రత్త పడాలి. అందులో చదివేవాడు కూడా చేరిపోతాడు, గుంతలు తవ్వే బాధ్యత నిధులిచ్చే సంస్థ మీద కూడా పడ్డట్టు ఉంటుంది. పని ప్రణాళికలో ‘సంస్థ’, ‘గ్రామ ప్రణాళికా కమిటీ’, ‘తోట కుటుంబం’ అని కర్తల పేర్లు స్థిరంగా ఉంటే ఎవరి పని ఏదో పట్టికతో సరిపోతుంది.

ఇక ‘తవ్వబడతాయి’, ‘తవ్వడం జరుగుతుంది’ అన్న ఆఫీసు తెలుగు ఉంది చూశారూ, అది శుద్ధ దొంగాట. ఎవరు తవ్వుతారు? కుటుంబమే తవ్వితే ఆ శ్రమ వాళ్ల వాటా కింద లెక్కకు వస్తుంది. కూలీలు తవ్వితే అది ఖర్చు పద్దు. కర్త పోయిన వాక్యంలో ఆ డబ్బు కూడా పోతుంది. ‘బడ’, ‘జరుగు’ అని వెతికి, దొరికిన ప్రతి వాక్యాన్నీ ‘మే నెలలో తోట కుటుంబాలు మొక్క గుంతలు తవ్వుతాయి, తొలకరి పడ్డాక జూన్, జూలైలలో మొక్కలు నాటుతాయి’ అని తిరగరాస్తే సందేహానికి తావుండదు.

నా పక్షపాతం దాచుకోను. నేను గిడుగు పక్షం. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, వాడుక భాష కోసం పోరాడి, సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు, 1914లో తన అసమ్మతిపత్రంతో అదే పోరు సాగించిన విజయనగరం గురజాడ తిరిగిన నేల ఇది. ఇక్కడే సవర, జాతాపు గ్రామాల్లో గ్రామసభ ముందు చదివే ప్రణాళిక ఎవరికీ అర్థం కాని తెలుగులో ఉంటే ఎలా? ఇంట్లో సవర మాట్లాడే తల్లికి తెలుగు రెండో భాష. ఒకే పనికి నాలుగు పేర్లు చెబితే ఆమె నాలుగు పనులనుకుంటుంది. తన వాటా ఎంతో, తనకు వచ్చేది ఎంతో అడగలేక సంతకం పెడుతుంది.

పాత ప్రతిపాదనలో ఊరి పేరు మార్చి కొత్తదని అమ్మే పద్ధతి ఇప్పుడు ఊరూరా పాకుతోంది. ఒక మండలం ప్రణాళికలో మరో మండలం వాగు పారుతోంది. నిధులిచ్చేవారు అడగరు, రాసేవారు చదవరు. ఇది ఆగాలంటే రెండు పనులు చాలు. ప్రతి పని ప్రణాళిక మొదటి పేజీలో పేర్ల కాగితం అతికించండి: ఈ మాటకు ఈ అర్థం, ఈ సంఖ్య. మూడు చదువులకూ ఒక మనిషికి జీతం ఇచ్చి, సమయం ఇచ్చి, ఆ పద్దును బడ్జెట్‌లోనే రాయండి. ఆ కాగితం లేని ప్రతిపాదనను నిధులిచ్చేవారు చదవకుండానే వెనక్కి పంపాలి. ఈ విద్య తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల పక్కన ఒక్కో కుర్రాణ్ణో అమ్మాయినో కూర్చోబెట్టే పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.