పద్నాలుగు పికోఫారడ్ల తూకం

ఆర్డుయినో ఊనో బోర్డు మీదుండే ఏటీమెగా328పీ చిప్‌ని చాలామంది దీపాలు వెలిగించి ఆర్పడానికి వాడతారు. ఆ చిప్‌లో ఒక మూలన ఉండే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్‌ని మాత్రం కాస్త దగ్గరగా చూడాలి. ఎల్ఎం35 అనే ఉష్ణోగ్రత సెన్సర్‌ని దానికి కలిపామనుకుందాం. ఈ సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. గదిలో 32 డిగ్రీలుంటే పిన్ దగ్గర 320 మిల్లీవోల్టులుంటాయి. అవి ఒక అంకెగా మారడానికి పట్టేది దాదాపు 104 మైక్రోసెకన్లు.

ఆ కొద్ది వ్యవధిలో జరిగేది కిరాణా కొట్టులో తక్కెడ తూకం లాంటిదే. కన్వర్టర్ దగ్గర పది రాళ్లున్నాయి: 512, 256, 128, అలా సగం సగంగా తగ్గుతూ చివరికి 1. రిఫరెన్స్ వోల్టేజి 1.1 వోల్టులైతే మన 320 మిల్లీవోల్టుల బరువు 297.9 వస్తుంది. ముందు 512 పెట్టి చూస్తుంది, ఎక్కువైంది, తీసేస్తుంది. 256 పెడితే సరిపోలేదు, ఉంచుతుంది. 128 కలిపితే 384 అవుతుంది, తీసేస్తుంది. 64 కలిపినా 320, అదీ ఎక్కువే. 32 నిలిచింది, మొత్తం 288. 16 నిలవలేదు. 8 నిలిచింది, 296. 4 కలిపితే 300, 2 కలిపితే 298, రెండూ ఎక్కువే. చివరి 1 నిలిచింది. జవాబు 297. 298కి వెంట్రుకవాసిలో తప్పిపోయిన ఆ మిగులును కన్వర్టర్ వదిలేస్తుంది, దాన్ని తూచే రాయి దాని దగ్గర లేదు. ఒక్క పోల్చే సర్క్యూట్‌తో, క్లాక్ కొట్టుకున్న ప్రతిసారీ ఒక ప్రశ్న చొప్పున, పది ప్రశ్నల్లో 1024 మెట్లలోంచి ఒకదాన్ని తేల్చేయడంలోని పొదుపు నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

పది బిట్ల రెజల్యూషన్ అంటే ఈ పది రాళ్లే. అయితే రాళ్ల సంఖ్య మాత్రమే స్థిరం, వాటి బరువుని నిర్ణయించేది రిఫరెన్స్. బోర్డు మామూలుగా 5 వోల్టుల సరఫరానే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. అప్పుడు ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు, అంటే మన సెన్సర్ లెక్కలో దాదాపు అర డిగ్రీ. అదే 320 మిల్లీవోల్టులు ఇక్కడ 65 మాత్రమే చూపిస్తాయి. చిప్‌లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్‌కి మారితే మెట్టు 1.07 మిల్లీవోల్టులకు దిగుతుంది, డిగ్రీలో పదో వంతు. ఖరీదైన పన్నెండు బిట్ల కన్వర్టర్ కొనేముందు ఈ మార్పు చేసి చూడడం మంచిది. ఎల్ఎం35 ఎలాగూ 110 డిగ్రీలకు గానీ 1.1 వోల్టులు దాటదు.

రిఫరెన్స్ విషయంలో మెట్టు సైజు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. యూఎస్‌బీ కేబుల్ నుంచి వచ్చే 5 వోల్టులు నిజంగా 5 ఉండాలని లేదు. అది 4.7కి పడిపోయిందనుకోండి. సెన్సర్ 320 మిల్లీవోల్టులే ఇస్తున్నా రీడింగ్ 69 అవుతుంది, మన ప్రోగ్రాం 5 వోల్టులనే నమ్మి 33.7 డిగ్రీలు అంటుంది. గది వేడెక్కలేదు, కొలబద్ద కుంచించుకుపోయిందంతే. గుర్తుపట్టడం తేలికే: అదే బోర్డు మీద రిలే పడినప్పుడో నాలుగు దీపాలు వెలిగినప్పుడో ఉష్ణోగ్రత ఉన్నట్టుండి పెరిగితే అనుమానించాల్సింది సెన్సర్‌ని కాదు, రిఫరెన్స్‌ని.

లోపలి రిఫరెన్స్ సరఫరాతో పాటు ఊగదు. కానీ 1.1 అనేది పేరుకే. చిప్‌ని బట్టి అది 1.0 నుంచి 1.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దాన్ని ఎంచుకున్నాక ఏరెఫ్ పిన్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, కనిపించిన విలువనే ప్రోగ్రాంలో రాసుకోవాలి. (అప్పుడు ఆ పిన్‌కి బయటి వోల్టేజి ఏదీ తగిలించి ఉండకూడదు.) మారిన వెంటనే చదవడమూ పొరపాటే, ఎందుకంటే ఏరెఫ్ దగ్గరున్న కెపాసిటర్ 5 నుంచి 1.1కి దిగడానికి కొంత సమయం తీసుకుంటుంది. మొదటి రీడింగులు 65 దగ్గర మొదలై 297 వైపు పాకుతూ వస్తే కారణం ఇదే.

```
analogReference(INTERNAL);
analogRead(A0);      // ఇక్కడే రిఫరెన్స్ మారేది
delay(50);
int n = analogRead(A0);
float t = n * 110.0 / 1024.0;
```

థర్మిస్టర్‌కి మాత్రం లోపలి రిఫరెన్స్‌కి మారమన్న ఈ సలహా పనికిరాదు. పది కిలోఓముల థర్మిస్టర్‌ని అంతే విలువున్న రెసిస్టర్‌తో జతచేసి అదే 5 వోల్టుల సరఫరాకి కలిపితే, 25 డిగ్రీల దగ్గర మధ్య బిందువులో సరిగ్గా సగం వోల్టేజి ఉంటుంది. సరఫరా 4.7కి పడితే ఆ సగమూ పడుతుంది, రిఫరెన్సూ పడుతుంది, రీడింగ్ 512 దగ్గరే ఉంటుంది. ఇలాంటి చోట సరఫరానే సరైన రిఫరెన్స్. 1.1కి మార్చారంటే 1023 దగ్గర ఇరుక్కుపోయి కూర్చుంటుంది.

ఇక నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది శాంపిలింగ్ సమయం. తూకం జరుగుతున్నంతసేపూ బరువు కదలకూడదు కదా! అందుకే కన్వర్టర్ ముందుగా 14 పికోఫారడ్ల చిన్న కెపాసిటర్‌లో పిన్ వోల్టేజిని నింపుకుని, తలుపు మూసి, దాన్ని తూచుతుంది. ఆర్డుయినోలో ఈ కన్వర్టర్ క్లాక్ 125 కిలోహెర్ట్జ్. నింపుకోవడానికి దొరికేది ఒకటిన్నర క్లాక్, అంటే 12 మైక్రోసెకన్లు. 1024 మెట్లలో అర మెట్టు దగ్గరకి నిండాలంటే రెసిస్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే వచ్చే కాలానికి 7.6 రెట్లు ఆగాలి. చిప్‌లోపలి దారి రెసిస్టెన్స్ అధ్వానంగా చూస్తే 100 కిలోఓములు, సెన్సర్ వైపు 10 కిలోఓములు అనుకుంటే, 110 కిలోఓములు, 14 పికోఫారడ్లు కలిపి 1.54 మైక్రోసెకన్లు. దానికి 7.6 రెట్లు 11.7. దొరికే 12లో ఇమిడిపోయింది! డేటాషీట్‌లో సెన్సర్ రెసిస్టెన్స్ 10 కిలోఓములు మించకపోతే మంచిదని ఒక పొడి వాక్యం ఉంటుంది. ఈ లెక్క వేసుకున్నాక ఆ వాక్యం వెనకున్న పనితనం కనిపిస్తుంది.

ఆ హద్దు దాటితే ఏమవుతుందో బ్యాటరీ కొలిచేవాళ్లకి బాగా తెలుసు. కరెంటు వృథా కాకూడదని రెండు ఒక మెగాఓము రెసిస్టర్లు పెట్టి బ్యాటరీ వోల్టేజిని సగం చేస్తారు. పిన్ వైపు నుంచి చూస్తే అది 500 కిలోఓములు. నిండడానికి కనీసం 53 మైక్రోసెకన్లు కావాలి, ఉన్నవి 12. అన్ని పిన్లకీ కెపాసిటర్ ఒక్కటే కాబట్టి అంతకుముందు చదివిన పిన్ వోల్టేజి దానిలో ఇంకా మిగిలి ఉంటుంది. అంతకుముందు చదివే ఆ పిన్‌ని నేలకి కలిపితే బ్యాటరీ రీడింగ్ తగ్గుతుంది, 5 వోల్టులకు కలిపితే పెరుగుతుంది. ఈ జబ్బుకి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

మందు చవక: పిన్‌కీ నేలకీ మధ్య 100 నానోఫారడ్ల కెపాసిటర్. లోపలి 14 పికోఫారడ్లకి అది ఏడు వేల రెట్లు పెద్దది, కాబట్టి చిన్నదాన్ని క్షణంలో నింపేసినా తన వోల్టేజిలో ఏడు వేల వంతుల్లో ఒక్క వంతుకి మించి పోగొట్టుకోదు. మన అర మెట్టుకి అది చాలా లోపలే. ఆ పోయినదాన్ని 500 కిలోఓముల గుండా తిరిగి నింపుకోవడానికి మాత్రం దానికి వ్యవధి ఇవ్వాలి. సెకనుకి పది సార్లు చదివితే ఇబ్బంది లేదు. తెరిపి లేకుండా వేల సార్లు చదివితే తప్పు మళ్లీ మొదలవుతుంది.

అలాగని ఈ మందుని ఎల్ఎం35కి నేరుగా వేయకండి. దాని రెసిస్టెన్స్ ఓములో భాగమే, అసలు ఆ అవసరమే లేదు. పైగా అది తిన్నగా మోయగలిగే కెపాసిటర్ భారం 50 పికోఫారడ్లే. అంతకు మించితే దాని అవుట్‌పుట్ ఊగడం మొదలుపెట్టొచ్చు. రీడింగ్ నునుపుగా రావాలని కెపాసిటర్ పెట్టి తీరాలనుకుంటే మధ్యలో 2 కిలోఓముల రెసిస్టర్ వేయాలి. 10 కిలోఓముల హద్దుకి అది ఎలాగూ లోపలే.