ఎండ ముదిరితే నిండని బ్యాటరీ

అనంతపురం మెట్టలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పాత జిల్లాలోని నంబులపూలకుంటలో, అంటే ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2016లో పూర్తయింది. ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, కడగాలంటే నీళ్లు కావాలి. బోర్లు ఎండిపోయే ఊళ్ల పక్కన అద్దాలు కడగడానికి నీళ్లు తోడటం నాకు న్యాయమనిపించదు. నీటిచుక్క లేకుండా, రాత్రిపూట వరస పొడవునా బ్రష్షు తిప్పుకుంటూ పోయే రోబోలు ఇలాంటి నేలకే తగినవి. పగలు సొంత ప్యానెల్‌తో ఛార్జ్ అయి రాత్రి తుడిచే రకాన్నే చూద్దాం. అది వరస మధ్యలో ఆగిపోతే తెల్లారాక దాని నీడ ప్యానెల్ మీద పడి, ఆ భాగం వేడెక్కి పాడవ్వొచ్చు.

మీటరులో ఇంకా 40 శాతం కనిపిస్తుండగానే రోబో ఆగిపోవడానికి కారణం తరచూ ముందురోజు మధ్యాహ్నంలోనే ఉంటుంది. లిథియం సెల్‌ను సుమారు 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో గాలే 40 దాటే చోట, ఎండలో ఉన్న ఇనుప బ్యాటరీ పెట్టె లోపల ఆ హద్దు పదకొండింటికే దాటవచ్చు. బ్యాటరీని కాపాడే బీఎంఎస్ బోర్డు అప్పుడు ఛార్జింగ్ ఆపేస్తుంది. పెట్టె చల్లబడేసరికి పొద్దు వాలిపోతుంది. అలా ప్యాక్ రోజూ ముప్పాతిక దగ్గరే ఆగుతుంది. ఒక్క రాత్రి పనికి అది చాలు. కానీ ప్యాక్ నిండినప్పుడే జరిగే రెండు పనులు ఆగిపోతాయి.

మొదటిది సెల్స్‌ను సమం చేయడం. లెక్క కోసం ఎనిమిది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వరసగా కలిపిన 20 యాంపియర్-గంటల ప్యాక్ తీసుకుందాం. ఈ రకం సెల్‌లో 20 నుంచి 90 శాతం దాకా వోల్టేజ్ దాదాపు కదలదు, 3.3 దగ్గరే ఉంటుంది. అందుకే ఏ సెల్ ముందుందో, ఏది వెనకబడిందో 3.4 వోల్టులు దాటాకే బోర్డుకు తెలుస్తుంది. అప్పుడది ముందున్న సెల్ నుంచి చిన్న రెసిస్టర్ ద్వారా కొంచెం ఛార్జ్ ఖర్చు చేస్తుంది. ఆ ప్రవాహం 50 మిల్లీయాంపియర్లయితే, ఒక్క యాంపియర్-గంట తేడా పోవడానికి 20 గంటలు పడుతుంది. నిండని ప్యాక్‌కు ఆ అవకాశమే రాదు, తేడా పెరుగుతూ పోతుంది.

రెండోది మిగిలిన శాతం లెక్కను సరిచేయడం. వోల్టేజ్ చూసి 40 శాతమో 70 శాతమో చెప్పలేం కాబట్టి, వచ్చిన కరెంటునూ పోయిన కరెంటునూ బోర్డు కూడుతూ తీసేస్తూ ఉంటుంది. సెన్సర్ 20 మిల్లీయాంపియర్లు తప్పు చూపినా రోజుకు 0.48 యాంపియర్-గంట తప్పు చేరుతుంది. పది రోజుల్లో అది 4.8, అంటే ప్యాక్‌లో దాదాపు పాతిక శాతం. ప్యాక్ నిండినప్పుడే బోర్డు ఆ లెక్కను మళ్లీ వందకు తెచ్చి, పోగైన తప్పును కొట్టేస్తుంది.

ఇక కటాఫ్. మొత్తం వోల్టేజ్ చూసి ఆపే ఏర్పాటును నమ్మకండి. ఏడు సెల్స్ 3.2 వోల్టుల దగ్గరుండి, వెనకబడిన ఒక్కటి 2.0కు పడిపోయినా మొత్తం 24.4 వోల్టులు కనిపిస్తుంది. 20 దగ్గర ఆపమని పెట్టిన రోబో నిశ్చింతగా తిరుగుతూ ఆ సెల్‌ను చంపేస్తుంది. ఏ సెల్ అయినా 3.0కు దిగితే రోబో తన స్థావరానికి మళ్లాలి, 2.8కు దిగితే మోటార్లు ఆగాలి. బీఎంఎస్ కోసే 2.5 ఆఖరి కాపలా మాత్రమే, రోజూ అక్కడికి చేరకూడదు.

మందు ఖరీదైనదేం కాదు. పెట్టెను ప్యానెళ్ల వెనక, ఉత్తరం వైపు నీడలోకి మార్చి తెల్ల రంగు వేయాలి. ఛార్జింగ్ పొద్దున్నే మొదలవ్వాలి. వారానికోసారి రోబోను షెడ్డులోకి తెచ్చి, చల్లటి వేళ ఛార్జర్‌కు తగిలించాలి. 6 యాంపియర్లతో మొదలుపెట్టి, 28.4 వోల్టులకు చేరాక అక్కడే పట్టి ఉంచి, కరెంటు ఒక యాంపియర్‌కు తగ్గాక వంద శాతంగా రాసుకోవాలి. సమం కావడానికి ఇంకా రెండు మూడు గంటలు వదిలేయాలి. చాన్నాళ్లు నిండని ప్యాక్‌కైతే మొదటిసారి ఒక పగలూ రాత్రీ పట్టవచ్చు.

ఆ తర్వాత కూడా ఆగిపోతుంటే ఒక్కో సెల్ వోల్టేజ్ రెండు చివర్లా రాసుకోండి. నిండేటప్పుడు అన్నిటికంటే పైనున్న సెల్లే ఖాళీ అయ్యేటప్పుడూ పైనుంటే, అది ఛార్జ్ తేడా మాత్రమే, ఇంకొంత సేపు సమం చేస్తే పోతుంది. నిండేటప్పుడు పైనుండి, ఖాళీ అయ్యేటప్పుడు అన్నిటికంటే కిందికి పడితే దాని సామర్థ్యమే తగ్గిపోయింది. ఎన్ని గంటలు సమం చేసినా అది కోలుకోదు. దాన్ని మార్చేదాకా ఆ రోబోకు రాత్రికి అప్పగించే వరసలు తగ్గించాలి.